అన్నకు స్టెంట్ ఏసిన్రు.. మరి చెల్లెకు, బిడ్డకు?

బరాత్‌ల డ్యాన్స్ చేసుకుంట పడిపోయిన పిలగాడు, క్రికెట్ ఆడుకుంట కూలిపోయిన డిగ్రీ స్టూడెంట్.. ఇసొంటి వీడియో వారానికి ఒక్కటన్న మన ఫోన్లకు వస్తనే ఉంటది. కింద కామెంట్లు సూస్తే ఒకడు కరోనా టీకా అంటడు, ఒకడు డీజే సౌండ్ అంటడు, ఇంకొకడు కోళ్ల ఫారం చికెన్ అంటడు. టీకా సంగతి ఐసీఎంఆర్ వాళ్లు లెక్క తీసి సూసిన్రు. 18 నుంచి 45 ఏండ్ల లోపు ఉన్నట్టుండి చనిపోయినోళ్ల ఇండ్లకు పోయి వివరాలు అడిగి, 2023ల రిపోర్ట్ ఇచ్చిన్రు. టీకాతోని ముప్పు పెరగలేదని తేలింది. పెరిగినయి వేరే ఉన్నయి. కరోనాతోని దవాఖానల పడి ఉండుడు, చనిపోయే ముందు రెండు దినాలల్ల విపరీతంగ తాగుడు, ఒళ్లు విరిగే పని చేసుడు. వాటితోపాటు ఇంకొకటి ఉన్నది. ఆ ఇంట్ల ఇంతకుముందు కూడ ఎవరో ఒకరు ఇట్లనే ఉన్నట్టుండి పోయి ఉండుడు.

ఈ ఆఖరిది ఎవ్వరూ కామెంట్ల రాయరు. నేను రాయాలనుకున్నది దాని గురించే. ఎందుకంటే అది మా ఇంట్లనే ఉన్నది.

నేను జిల్లా కేంద్రంల ఒక ల్యాబ్‌ల టెక్నీషియన్‌ను. రోజుకు నలభై యాభై మంది రక్తం తీస్త, రిపోర్టులు ప్రింట్ తీసి ఇస్త. పోయిన ఏడాది వరి కోతలప్పుడు మా పెద్దబాపు కొడుకు, అంటే మా అన్న, హార్వెస్టర్ నడుపుకుంటనే ఛాతి పట్టుకొని కూలబడ్డడు. వయసు 36. బక్కపలచటి మనిషి. బీడీ లేదు, మందు ఎప్పుడో దావత్‌కు. షుగర్ లేదు, బీపీ లేదు. దోస్తులు కారుల ఏసుకొని పట్నం తీస్కపోయిన్రు. పెద్ద రక్తనాళం ఒకటి పూర్తిగ మూసుకపోయింది, ఇంకొకటి సగం. ఆరోగ్యశ్రీ కింద స్టెంట్ పడ్డది, పానం దక్కింది. అయిదో దినం డిశ్చార్జ్ కాగితం చేతికొచ్చింది. అందుల ఆరు రకాల గోలీలు, 'ఉప్పు, నూనె తగ్గించాలె' అన్న ఒక లైన్ ఉన్నయి. ఇంట్ల వాళ్ల గురించి ఒక్క ముక్క లేదు.

పెద్దబాపు 46 ఏండ్లకు పొద్దుగాల బాయికాడికి పోయి తిరిగి రాలేదు. తాతది కూడ అసొంటి సావేనట, 50 దాటకముందే. ఇంట్ల అందరు 'మా వంశానికి గట్లనే రాసిపెట్టి ఉన్నది' అంటరు. ఆ మాట సగం నిజమే, కాకపోతే రాసి ఉన్నది నుదుట మీద కాదు.

అన్న ఫైల్ నేను తిరగేసిన. దవాఖానల మూడో దినం తీసిన రక్తంల ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ 168 అని ఉన్నది. ఎక్కువే, కాని భయపడేంత కాదు అనిపిస్తది. ఇక్కడనే మొదటి మోసం ఉన్నది. గుండెపోటు వచ్చిన ఒకటి రెండు దినాలకు ఎల్‌డీఎల్ దానంతట అదే కిందికి జారుతది, కొన్ని వారాలు అట్లనే తక్కువ సూపిస్తది. దానికితోడు వచ్చిన గంటల్నే పెద్ద డోసు అటార్వాస్టాటిన్ మొదలుపెడుతరు. కాబట్టి ఆ 168 అన్న అసలు లెక్క కాదు. అసలుది కావాలంటే పోటు రాకముందటి కాగితం కావాలె.

అది దొరికింది. రెండేండ్ల కింద ఊర్ల పెట్టిన ఫ్రీ క్యాంపుల తీసిన రిపోర్ట్. వదిన దాన్ని బియ్యం డబ్బా మీద ఉన్న కవర్ల పట్టాదార్ పాస్‌బుక్ జిరాక్సులతోని కలిపి పెట్టింది. మొత్తం కొలెస్ట్రాల్ 338, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్స్ 140. ఎల్‌డీఎల్ లెక్క కట్టుడు సులువే. ట్రైగ్లిజరైడ్స్‌ను 5తోని భాగించాలె, 28 వస్తది. మొత్తంల నుంచి హెచ్‌డీఎల్ 40, ఈ 28 తీసేస్తే మిగిలేది ఎల్‌డీఎల్. అన్నది 270. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ లెక్క పనికిరాదు, అప్పుడు ఎల్‌డీఎల్‌ను నేరుగ కొలవాలె.

270 అంటే ఎంత? 190 దాటిందంటేనే ఆగి ఆలోచించాలె. పుట్టుకతోని వచ్చిన దోషం ఉన్నదేమో అని అనుమానపడే గీత అది. మరి క్యాంపుల ఎవ్వరూ ఎందుకు ఆగలేదు? నా సొంత పని గురించి చెప్పుకోవాలె ఇక్కడ. రిపోర్టుల ఎల్‌డీఎల్ 100 కంటే తక్కువ ఉండాలె అని రాసి ఉంటది. 135 ఉన్నోనికి కూడ పక్కన హెచ్ అనే ఒక్క అక్షరమే పడ్తది, 270 ఉన్నోనికి కూడ గదే అక్షరం. మా జిల్లాల సగం మందికి ఆ అక్షరం పడ్తది. దాంతోని అన్న కాగితం కూడ ఆ గుంపుల కలిసిపోయింది. నేను కూడ అట్ల ఎన్ని ఇచ్చి పంపిననో, ఇప్పుడు తల్సుకుంటే కడుపుల దేవినట్టయితది.

ఈ దోషం పేరు ఫెమిలియల్ హైపర్‌కొలెస్టరోలీమియా. పేరు పొడుగున్నది, డాక్టర్లు ఎఫ్‌హెచ్ అంటరు, మనం కూడ అట్లనే అనుకుందాం. ఏం జరుగుతదో వడ్ల లారీలతోని చెప్త. ఎల్‌డీఎల్ అంటే కొవ్వు నింపుకొని రక్తంల తిరిగే లారీ అనుకో. కాలేయం అంటే రైస్ మిల్లు. మిల్లుకు అన్‌లోడ్ చేసుకునే గేట్లు ఉంటయి. లారీ వచ్చి గేటు కాడ ఆగితే సరుకు లోపలికి పోతది, రోడ్డు ఖాళీ అయితది. ఎఫ్‌హెచ్ ఉన్నోళ్లకు పుట్టిన కాన్నుంచే సగం గేట్లు మూసి ఉంటయి. లారీలు ఎక్కువ బయలుదేరినయని కాదు, దించుకునేటోడు లేక రోడ్డు మీదనే వరుసకట్టినయి. అట్ల రోజుల తరబడి రోడ్డు మీద నిలబడ్డ లారీల నుంచి కొవ్వు రక్తనాళం గోడలల్లకు ఇంకుతది. మామూలు మనిషికి 60 ఏండ్లల్ల పేరుకునేది వీళ్లకు 35, 40 ఏండ్లల్నే పేరుకుంటది. అన్న బక్కగ ఉన్నడు, కూరల నూనె తక్కువ తింటడు అన్నది ఇక్కడ పెద్దగ పనిచెయ్యదు. తిండి కట్టడితోని లారీలు కొన్ని తగ్గుతయి, మూసుకపోయిన గేటు మాత్రం తెరుచుకోదు.

ఆ గేట్లను కనిపెట్టింది అమెరికాల బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు డాక్టర్లు. చిన్నతనంల్నే గుండెపోటు వచ్చే పిల్లల కణాలను పరీక్ష చేసుకుంట పోతే వాటిమీద ఈ గేట్లు కనవడలేదు. 1985ల వాళ్లకు నోబెల్ వచ్చింది. గేట్లను పెంచే స్టాటిన్ మందుకు మొదటి రూపం కూడ బియ్యం కాన్నుంచే వచ్చింది. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో దాన్ని క్యోటోల ఒక ధాన్యం దుకాణం నుంచి తెచ్చిన బియ్యం మీది బూజుల పట్టుకున్నడు.

ఇదేదో కోటికి ఒకరికి వచ్చే రోగం అనుకోవద్దు. అటు ఇటుగ 250 నుంచి 300 మందిల ఒకరికి ఉంటది. మూడు వేల జనం ఉన్న ఊర్ల పది మంది అన్నట్టు. మందు ఏసుకోకపోతే ఉన్న మొగోళ్లల్ల సగం మందికి 50 ఏండ్లకే గుండె జబ్బు వస్తది. ఆడోళ్లల్ల 60 ఏండ్లకు దగ్గర దగ్గర మూడో వంతు మందికి వస్తది.

అన్నకు ఎఫ్‌హెచ్ అని తేల్చుడు ఎట్ల? జీన్ పరీక్ష ఉన్నది కాని పైసలు ఎక్కువ. పైగా అందుల ఏం దొరకకున్నా జబ్బు లేదని చెప్పలేం. అందుకే డాక్టర్లు నెదర్లాండ్స్‌ల తయారైన ఒక మార్కుల పట్టీ వాడుతరు. ఎల్‌డీఎల్ 250కి, 329కి నడుమ ఉన్నది కాబట్టి అన్నకు 5 మార్కులు. చిన్న వయసుల గుండెపోటు వచ్చింది కాబట్టి 2. తండ్రి 55 లోపల గుండెతోని పోయిండు కాబట్టి 1. దీనికే 8 అయినయి, 'బహుశా ఉన్నది' అనే గడిల పడ్డడు. గుండె డాక్టర్ టార్చ్ లైట్ పట్టి అన్న కండ్లల్ల సూసిండు. నల్లగుడ్డు అంచు చుట్టూ సన్నటి తెల్లటి రింగు ఉన్నది. ముసలోళ్లల్ల అది మామూలే. 45 లోపు కనవడితే 4 మార్కులు. మొత్తం 12. ఎనిమిది దాటితే 'ఖాయంగ ఉన్నది' అని లెక్క. ఇంకొక గుర్తు మడమ ఎనుక నరం తాడు లెక్క లావెక్కుడు, ఏళ్ల కణుపుల మీద గట్టి గడ్డలు లేసుడు. అన్నకు అవి లేవు. చానా మందికి ఉండయి, లేవని ధీమాగ ఉండొద్దు.

లెక్క కట్టే ముందు థైరాయిడ్ పరీక్ష కూడ చేపిచ్చిన. థైరాయిడ్ మందగించినా, కిడ్నీల నుంచి ప్రొటీన్ పోతున్నా, కామెర్లసొంటి కాలేయం తిప్పలు ఉన్నా ఎల్‌డీఎల్ ఇట్లనే ఎగుస్తది. అవి లేవని తేలినంకనే పుట్టుక దోషం అనాలె.

ఇక అసలు కత. ఈ దోషం తండ్రి నుంచి వచ్చినా, తల్లి నుంచి వచ్చినా ఒక్క కాపీ చాలు. ఉన్నోళ్ల ప్రతి బిడ్డకు రూపాయి బిళ్ల ఎగరేసినట్టు, సగం సగం అవకాశం. మొగ, ఆడ తేడా లేదు. కాబట్టి ఒకరికి తేలిందంటే ఎతుకుడు అక్కడ ఆగొద్దు. తల్లిదండ్రులు, తోడబుట్టినోళ్లు, పిల్లలు.. ముందు వీళ్ల రక్తం తీయాలె. వాళ్లల్ల ఎవరికి తేలితే మళ్ల వాళ్ల పిల్లలు, తోడబుట్టినోళ్లు. మెట్టు మెట్టుగ దిగుకుంట పోవుడు. ఊరందరికి పరీక్ష చేస్తే 250 మందికి ఒకరు దొరుకుతరు, ఇట్ల పోతే ఇద్దరిల ఒకరు దొరుకుతరు.

మా ఇంట్ల నేనే ఒక నోట్‌బుక్ తీసి చెట్టు గీసిన. పరగడుపున రావాల్సిన పనిలేదు, ఈ పరీక్ష తిన్నంక కూడ చెయ్యొచ్చు. అందుకే ఒక ఆదివారం సూదులు, ట్యూబులు పట్టుకొని ఊరికే పోయిన.

పెద్దమ్మ ఎల్‌డీఎల్ 118. అంటే అన్నకు వచ్చింది పెద్దబాపు దిక్కు నుంచి. అన్న బిడ్డకు 11 ఏండ్లు, ఎల్‌డీఎల్ 203. కొడుక్కు 7 ఏండ్లు, 94. ఒకే తల్లికి, ఒకే తండ్రికి పుట్టిన్రు, ఒకే కంచంల తింటరు. కుటుంబంల చిన్న వయసుల గుండెపోటు ఉన్నప్పుడు పిల్లలకు 160 దాటిందంటేనే ఎఫ్‌హెచ్ అనుకోవాలె. పిల్లలల్ల ఈ తేడా పెద్దోళ్ల కంటే సాఫ్‌గ కనవడుతది, ఎందుకంటే వాళ్ల లెక్కను చెడగొట్టే పొట్ట, షుగర్, మందులు ఇంకా రాలేదు. రెండు వారాలకు మళ్ల తీసిన, 198 వచ్చింది. ఒక్కసారి సూసి ముద్ర ఏయొద్దు, రెండుసార్లు సూడాలె.

ఆ రాత్రి వదిన ఒక్కటే అడిగింది. "ఆడివిల్లకు గుండె జబ్బు అని రాసినవ్ గదరా మరిదీ, రేపు పెండ్లెట్ల జేస్తం?" నా దగ్గర జవాబు లేదు. జబ్బు కాదు వదినా, జబ్బు రాకుండ ముందు తెలిసింది అన్న. ఆమెకు అది మాటలాగ వినవడ్డదో లేదో.

అక్క, అంటే అన్న చెల్లె, వేరే ఊరికి ఇచ్చినం. 31 ఏండ్లు. అత్తగారింట్ల రక్తం తీయనియ్యలేదు. "మా కోడలు మంచిగనే ఉన్నది, మీ ఇంటి రోగం మా ఇంటికి ఎందుకు తెస్తున్నరు" అని అత్త మొఖం మీదనే అన్నది. బోనాలకు పుట్టింటికి వచ్చినప్పుడు తీసిన. 228. థైరాయిడ్ బాగనే ఉన్నది. ఆమె కొడుక్కు 8 ఏండ్లు, వాని ఎల్‌డీఎల్ 187.

ఈ రెండు నంబర్లు, అన్న బిడ్డ 203, అక్క కొడుకు 187, పక్కపక్కన రాసి సూసుకొని నేను చానాసేపు పెన్ను పక్కన పెట్టిన. ఎందుకంటే ఇద్దరు మేనమామ బిడ్డ, మేనత్త కొడుకు. పుట్టినకాన్నుంచి మా పెద్దమ్మ 'వీడు నా మనవరాలి మొగడు' అని నవ్వుకుంట అంటనే ఉంటది. మనకాడ అది ఉట్టి నవ్వులాట కాదు, నిజంగనే చేస్తరు. ఇద్దరికి ఒక్కో చెడ్డ కాపీ ఉండి లగ్గం అయితే, పుట్టే ప్రతి బిడ్డకు నాలుగిట్ల ఒక వంతు రెండు కాపీలు చెడ్డవే వచ్చే అవకాశం ఉంటది. అప్పుడు మిల్లు గేట్లు సగం కాదు, దాదాపు అన్నీ మూసుకుంటయి. ఎల్‌డీఎల్ 400, 500 దాటుతది. మోకాళ్ల మీద, మోచేతుల మీద, పిర్రల కాడ పసుపుపచ్చటి గడ్డలు చిన్నప్పుడే లేస్తయి. ఇరవై ఏండ్లు నిండక ముందే గుండెపోటు వచ్చిన పిల్లలున్నరు. గేట్లే లేనప్పుడు గేట్లు పెంచే గోలీ ఏం చేస్తది? మామూలు మందులు వీళ్లకు అంతగ పనిచెయ్యయి, మిషన్ మీద రక్తం వడగట్టి కొవ్వు తీసే దాకా పోతది. మామూలుగ మూడు లక్షల మందిల ఒకరికి రావాల్సింది, మేనరికాలు ఉన్న కాడ అంతకంటే ఎక్కువ కనవడుతది. మేనరికం మంచిదా చెడ్డదా అని నేను పంచాయితీ పెడ్తలేను. ఇద్దరి ఎల్‌డీఎల్ సూసినంక మాట అనుకోండ్రి అంటున్న. పెద్దమ్మకు ఇంకా పూరాగ చెప్పలేదు.

మా బాపు దిక్కు కూడ పోవాలె గదా. పెద్దబాపుకు ఉన్నది కాబట్టి ఆయన తమ్మునికి, అంటే మా బాపుకు, సగం అవకాశం. బాపుది 126. పానం నిమ్మలపడ్డది, బాపుకు లేదంటే నాకు కూడ ఆ దారిల రాదు. మేనత్తది 214, వయసు 57. మెట్లు ఎక్కితే ఆయాసం అని ఏడాది నుంచి అంటనే ఉన్నది, మేమే 'వయసు మీదపడ్డది' అన్నం. ఇప్పుడు ఆమె ముగ్గురు పిల్లలు, వాళ్ల పిల్లలు కూడ నోట్‌బుక్‌లకు వచ్చిన్రు. చెట్టుకు ఇంకొక కొమ్మ.

నాది 104. మా ఇంటి గండం నాకు తప్పిందని ఆ దినం దోస్తులకు చాయ్ కూడ తాపిన. మరుసటి వారం గుండె డాక్టర్ అన్న కాగితం మీద ఇంకొక పరీక్ష రాసిండు. లైపోప్రొటీన్ లిటిల్ ఎ. అన్నది 96 మిల్లీగ్రాములు వచ్చింది. ఎట్లాగూ రక్తం నా చేతులనే ఉన్నది గదా అని బాపుది, నాది కూడ పెట్టిన. బాపుది 81. నాది 78. యాభై దాటితే ఎక్కువ అంటరు.

ఇదేందంటే, అదే ఎల్‌డీఎల్ లారీకి ఎనుక ఇంకొక గొలుసు కొండి తగిలిచ్చినట్టు. ఒక ప్రొటీన్ అదనంగ అతుక్కొని ఉంటది. దాంతోని రక్తనాళం గోడకు ఎక్కువ పట్టుకుంటది, వాపు పుట్టిస్తది. గుండె నుంచి బయటికి పోయే బృహద్ధమని వాల్వ్ కూడ దీనివల్ల గట్టిపడి ముడుచుకుంటది. నార్వేల కారె బర్గ్ అనే డాక్టర్ 1963ల దీన్ని కనిపెట్టిండు. ఎఫ్‌హెచ్‌ది ఒక క్రోమోజోమ్ మీది జీను, దీనిది వేరే క్రోమోజోమ్ మీదిది. అంటే రెండు వేరు వేరు చిట్టీలు. మా అన్నకు రెండు చిట్టీలు తగిలినయి, నాకు ఒకటి. మామూలు కొలెస్ట్రాల్ పరీక్షల ఇది విడిగ కనవడదు, విడిగ రాయించుకుంటనే వస్తది. అందుకే నా 104 సూసి ఎవడైనా 'నీకేం కాదు పో' అంటడు.

మనకాడ ఇది తక్కువేం లేదు. మన దేశంల నలుగురిల ఒకరికి 50 దాటి ఉంటదని కార్డియోలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024ల ఇచ్చిన మార్గదర్శకాలల్ల ఉన్నది. ప్రతి ఒక్కరు జిందగీల ఒక్కసారన్న దీన్ని సూపిచ్చుకోవాలె అన్నరు. ఒక్కసారే చాలు, ఎందుకంటే అయిదేండ్ల వయసుకు వచ్చేసరికే నీ లెక్క ఏందో తేలిపోతది, ఆ తర్వాత పెద్దగ మారదు. రోజూ పరుగెత్తినా, నెయ్యి బందు పెట్టినా అది దిగదు. స్టాటిన్ గోలీకి కూడ దిగదు. అమెరికాల టీవీల బరువు తగ్గించే షో నడిపిన బాబ్ హార్పర్ అనే ట్రైనర్‌కు 2017ల జిమ్‌ల్నే గుండెపోటు వచ్చింది, తర్వాత సూస్తే ఆయనకు ఇదే ఎక్కువున్నది.

ల్యాబోళ్లం చేసే రెండు తప్పులు చెప్త, జాగ్రత్తగ ఉండుండ్రి. ఒకటి, అపోలైపోప్రొటీన్ ఏ-వన్ అని ఇంకొక పరీక్ష ఉన్నది. అది మంచి కొలెస్ట్రాల్‌కు సంబంధించింది, అది ఎక్కువుంటే మంచిదే. పేరు దగ్గరగ ఉండబట్టి కంప్యూటర్ల ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కుతరు. రిపోర్ట్ మీద పేరు పూర్తిగ సదువుకోవాలె. రెండోది కొలత. కొన్ని ల్యాబులు మిల్లీగ్రాములల్ల ఇస్తయి, కొన్ని నానోమోల్స్‌ల ఇస్తయి. మిల్లీగ్రాములల్ల గీత 50, నానోమోల్స్‌ల 125. ఒకదాన్ని ఇంకొకదానిలకు కచ్చితంగ మార్చే గుణింతం లేదు. మా మేనబావ 110 అని సూసి గుండె జారి ఫోన్ చేసిండు, సూస్తే అది నానోమోల్స్, గీత లోపలనే ఉన్నది.

లిటిల్ ఎను దించే మందు ఇప్పటిదాకా మన చేతికి రాలేదు, పెద్ద పరీక్షలు నడుస్తున్నయి. మరి తెలుసుకొని ఏం లాభం అని అడుగుతరు. లాభం ఏందంటే, మిగతా ముప్పులను గట్టిగ పట్టుకోవచ్చు. నాకు 78 ఉన్నది కాబట్టి నా ఎల్‌డీఎల్ 104 కూడ నాకు ఎక్కువే అన్నడు డాక్టర్. బీపీ ఏటా సూపిచ్చుకోవాలె. నేను సిగరెట్ తాగుతుంటి, రోజుకు నాలుగు. ఇగ తాగుతలేను. మానేసి అయిదు నెలలయింది, ఇప్పటికీ చాయ్ తాగినప్పుడు చెయ్యి జేబుల్లకు పోతది.

ఎఫ్‌హెచ్‌కు మాత్రం మందు ఉన్నది, అది చవక. స్టాటిన్ గోలీ కాలేయానికి ఉన్న మంచి కాపీతోనే ఎక్కువ గేట్లు కట్టిస్తది. ఎల్‌డీఎల్ సగం దాకా దిగుతది. జన ఔషధి దుకాణంల నెలకు సరిపడ గోలీలు తక్కువ ధరకే దొరుకుతయి. అది సరిపోకపోతే ఎజెటిమైబ్ అని ఇంకొకటి కలుపుతరు. అన్న లెక్క సూడుండ్రి. 270ల సగం అంటే 135. ఎజెటిమైబ్ ఇంకొక అయిదో వంతు దించితే 108. గుండెపోటు వచ్చినోనికి 55 కంటే కింద ఉండాలె అంటరు. అంటే చవక మందులతోని అన్న గమ్యం చేరడు, పైన ఇంజక్షన్లు కావాలె, వాటి ధర హార్వెస్టర్ డ్రైవర్‌కు అందేది కాదు. పోటు వచ్చినంక తెలుసుకుంటే ఇదీ గతి. అదే 11 ఏండ్ల బిడ్డకైతే 130 లోపల ఉంచితే చాలు, అది ఒక్క చిన్న గోలీతోని అయ్యే పని.

చిన్నపిల్లకు జిందగీ మొత్తం గోలీయా అని అన్న కూడ జంకిండు. నెదర్లాండ్స్‌ల ఎఫ్‌హెచ్ ఉన్న 214 మంది పిల్లలకు స్టాటిన్ మొదలుపెట్టి, 20 ఏండ్లు వాళ్ల ఎంబడి పడి లెక్క తీసిన్రు. 2019ల ఫలితం అచ్చయింది. 39 ఏండ్లు వచ్చేసరికి ఆ పిల్లలల్ల గుండె, రక్తనాళాల దెబ్బ తగిలింది నూటికి ఒకరికి. అదే దోషం ఉండి, చిన్నప్పుడు మందు దొరకని వాళ్ల తల్లిదండ్రులల్ల అదే వయసుకు నూటికి 26 మందికి తగిలింది. నేను ఈ ఒక్క లెక్క అన్నకు కాగితం మీద రాసి సూపిచ్చిన. పిల్లల డాక్టర్ ఎనిమిది, పదేండ్ల వయసు నుంచి మొదలుపెట్టొచ్చు అన్నడు, కాలేయం పరీక్ష చేసి చిన్న డోసుతోని షురూ చేసిండు. కండరాలు బాగా నొచ్చినా, మూత్రం నల్లగ వచ్చినా వెంటనే రావాలె అన్నడు. అక్కకు మాత్రం ఇంకొక జాగ్రత్త చెప్పిండు. మళ్ల బిడ్డ కావాలనుకుంటే ముందే చెప్పాలె, గర్భం ఉన్నప్పుడు ఈ గోలీ మామూలుగ ఆపుతరు.

ఇప్పుడు సర్కారు సంగతి. మన ఊర్లకు ఆశా అక్కలు ఒక ఫారం పట్టుకొని వస్తరు, 30 దాటినోళ్లకు. అందుల ఒక ప్రశ్న ఉన్నది. మీ తల్లిదండ్రులకు, తోడబుట్టినోళ్లకు బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నదా అని. మా పెద్దమ్మ ఇంట్ల 'ఉన్నది' అని టిక్ కూడ పడ్డది. టిక్ పడ్డంక ఏం జేసిన్రు? బీపీ సూసిన్రు, షుగర్ సూసిన్రు. రెండూ మంచిగనే ఉన్నయి, పొమ్మన్నరు. ఆ స్క్రీనింగ్‌ల కొలెస్ట్రాల్ లేదు. ముప్పై లోపటోళ్లకైతే ఆ ప్రశ్న కూడ లేదు. కార్డియోలాజికల్ సొసైటీ వాళ్లేమో మొదటి కొలెస్ట్రాల్ పరీక్ష 18 ఏండ్లకే అయిపోవాలె, ఇంట్ల చిన్న వయసు గుండె జబ్బు ఉంటే ఇంకా ముందే అంటున్నరు.

పెద్ద ఖర్చు అడుగుతలేను. మన పీహెచ్‌సీల రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ హబ్‌కు పోయి లిపిడ్ ప్రొఫైల్ ఫ్రీగనే వస్తది. మిషన్ ఉన్నది, ట్యూబు ఉన్నది. 55 లోపు మొగాయనకో, 60 లోపు ఆడామెకో ఆరోగ్యశ్రీ కింద స్టెంట్ పడ్డప్పుడు డిశ్చార్జ్ కాగితం ఎనుక ఒక పట్టిక ఉంటే చాలు. తోడబుట్టినోళ్లు ఎంతమంది, పిల్లలు ఎంతమంది, ఏ ఊర్లు. ఆ పట్టిక ఆ ఊరి ఏఎన్ఎమ్‌కు పోవాలె. నెదర్లాండ్స్‌ల 1994 నుంచి ఇరవై ఏండ్లు ఇదే పని చేసిన్రు. ఒకరికి తేలితే నర్సులే చుట్టాల ఇండ్లకు పోయి రక్తం తీసిన్రు, ఇరవై వేల మందికి పైగా దొరికిన్రు. స్లొవేనియా అనే చిన్న దేశంల అయిదేండ్ల పిల్లలందరికీ కొలెస్ట్రాల్ సూస్తరు. మనకాడ నర్సు పని నేను ఆదివారాలు చేసుకుంటున్న, అది కూడ నేను ల్యాబ్‌ల ఉండబట్టి.

చిన్న వయసు గుండెపోట్లు అన్నీ దీనివల్లనే అని నేను అంటలేను. గుట్కా, సిగరెట్, షుగర్, బీపీ మన ఊర్లల్ల ఎక్కువ మందిని తీస్కపోతున్నయి. ఆటల పడిపోయిన పిలగాండ్లల్ల కొందరికి గుండె కండరం పుట్టుకతోనే మందంగ ఉంటది, దానికి ఎకో తీయాలె, కొలెస్ట్రాల్‌తోని దొరకదు. కాని మీ ఇంట్ల 55 లోపల మొగాయనో, 60 లోపల ఆడామెనో గుండెతోని పోయి ఉంటే, బీరువాలున్న పాత రిపోర్ట్ తీయుండ్రి. ఎల్‌డీఎల్ పక్కన అక్షరం కాదు, నంబర్ సూడుండ్రి.

మా నోట్‌బుక్‌ల ఇప్పటికి 17 పేర్లున్నయి. 11 మందివి అయిపోయినయి. అక్క అత్త పోయిన వారం తనే ఫోన్ చేసింది, మనవనికి గోలీ పొద్దుగాల ఇయ్యాల్నా, రాత్రి ఇయ్యాల్నా అని. అన్న తమ్ముడు, మా చిన్నన్న, దుబాయ్‌ల ఉన్నడు, 33 ఏండ్లు, జిమ్ ఫొటోలు పెడుతుంటడు. వచ్చే నెల సెలవు మీద వస్తున్నడు. ఎయిర్‌పోర్ట్ నుంచి ఊరికి పోయే దారిల్నే మా ల్యాబ్ ఉన్నది, కారు అక్కడ ఆపుమని డ్రైవర్‌కు చెప్పి పెట్టిన.